ప్రతివాది ఎవరు? – కంపెనీలు, మానవ హక్కులు, జెనీవా ఒప్పందం



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ పెద్దాయన జీవితమంతా కార్మికుల పక్షాన కేసులు వాదించారు. ఆయన దగ్గర జూనియర్లుగా పనిచేసినవాళ్లు ఈ సభలో చాలామందే ఉన్నారు. వచ్చినవాళ్లు తమ గోడంతా చెప్పుకున్నాక ఆయన వేసే మొదటి ప్రశ్న వాళ్లకు గుర్తుండే ఉంటుంది. "అంతా బాగానే ఉంది, ప్రతివాది ఎవరు?" నష్టం జరిగిందని తేలడం ఒక ఎత్తు. ఆ నష్టానికి కోర్టులో ఎవరిని నిలబెట్టగలం అన్నది మరో ఎత్తు. కంపెనీలు, మానవ హక్కులు అన్న విషయంలో నేను చదివినదంతా తిరిగి తిరిగి ఈ ప్రశ్న దగ్గరికే వచ్చింది. అందుకే ఇవాళ దీన్ని వదిలి పక్కకు పోను.

మనకు దగ్గరి సంగతితో మొదలుపెడతాను. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం గోపాలపట్నం దగ్గర, ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. పన్నెండు మంది చనిపోయారు, వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. నిద్రలోంచి లేచి పరుగెత్తినవాళ్లు దారిలోనే కూలిపోయిన దృశ్యాలు మనందరం టీవీల్లో చూశాం. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ రెండు నెలల్లో నివేదిక ఇచ్చింది. పర్యావరణం మీద, పరిశ్రమల మీద మాట్లాడేవాళ్లు తప్పకుండా చదవవలసిన పత్రం అది.

స్టైరీన్ అన్నది తనలో తానే గట్టిపడే స్వభావం ఉన్న ద్రవం. గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకా తొందరగా గట్టిపడుతుంది. ఈ గొలుసు మొదలు కాకుండా ఉండాలంటే ద్రవాన్ని చల్లగా ఉంచాలి, టి.బి.సి. అనే నిరోధక రసాయనం తగు మోతాదులో కలుపుతూ ఉండాలి. ప్రమాదం జరిగిన ఎం-6 ట్యాంకు పాతది. లాక్‌డౌన్ వల్ల మార్చి చివరి నుంచి కర్మాగారం మూతపడి ఉంది, ద్రవం మాత్రం ట్యాంకులో కదలక నిలిచి ఉంది. చల్లబరిచే యంత్రాన్ని ఇరవైనాలుగు గంటలూ నడపలేదు. నిరోధక రసాయనం నిల్వ లేదు. ఉష్ణోగ్రత చూసే ఏర్పాటు ట్యాంకు అడుగున మాత్రమే ఉంది. అంతకు కొన్ని నెలల ముందు గొట్టాల అమరికలో చేసిన ఒక మార్పు వల్ల ద్రవం పైకీ కిందికీ సరిగా కలవడం తగ్గింది. అడుగున ముల్లు మామూలుగానే చూపిస్తోంది, పైపొరల్లో మాత్రం వేడి పెరుగుతోంది. చివరికి ఆవిరి బయటికి తన్నుకొచ్చినప్పుడు సైరన్ కూడా మోగలేదు.

ఇక కాగితాల సంగతి. సరిగ్గా ఏడాది ముందు, 2019 మేలో, ఈ కంపెనీయే ఒక అఫిడవిట్ దాఖలు చేసింది. తాము చేస్తున్న ఉత్పత్తి పరిమాణానికి చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి తమ దగ్గర లేదని అందులో స్వయంగా ఒప్పుకుంది. ఆ కాగితం ప్రభుత్వ ఫైళ్లలోకి చేరింది, ఉత్పత్తి ఆగలేదు.

ఈ కర్మాగారం పూర్తిగా దక్షిణ కొరియాలోని ఎల్జీ కెమ్ సొత్తు. 1997లో హిందుస్థాన్ పాలిమర్స్‌ను ఆ కంపెనీ కొనుక్కుని పేరు మార్చింది. ఇప్పుడు ప్రతివాది ఎవరు? జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తాను కేసు తీసుకుని మర్నాడే యాభై కోట్లు జమ చేయమంది. ఆ ఆదేశం ఎల్జీ పాలిమర్స్ ఇండియాకు. పోలీసులు పట్టుకున్నది ఆ కంపెనీ అధికారులను, వాళ్లలో కొరియా దేశీయులూ ఉన్నారు. సియోల్‌లో ఉన్న యజమాని కంపెనీ బాధ్యత ఎంత, అది ఏ చట్టం కింద, ఏ కోర్టులో అన్నదానికి మన చట్టాల్లో సూటిగా జవాబు దొరకదు. 1896లో ఇంగ్లండు ప్రభువుల సభ సాలమన్ కేసులో చెప్పిన సూత్రమే ఇప్పటికీ రాజ్యం చేస్తోంది. కంపెనీ వేరు, దాని వాటాదారు వేరు. ఆ వాటాదారు మరో కంపెనీ అయినా, మొత్తం వాటాలన్నీ దానివే అయినా అంతే.

ఇలాంటిచోట ఐక్యరాజ్యసమితి ఏం చెప్పిందో చూద్దాం. హార్వర్డ్ ఆచార్యుడు జాన్ రగ్గీ ఆరేళ్లు శ్రమించి తయారుచేసిన మార్గదర్శక సూత్రాలను 2011 జూన్‌లో మానవ హక్కుల మండలి ఆమోదించింది. రక్షించడం రాజ్యం విధి, గౌరవించడం కంపెనీ బాధ్యత, నష్టపోయినవాడికి పరిహార మార్గం ఉండాలి. వాటి సారాంశం ఇదే. కంపెనీ బాధ్యతను ఆచరణలో పెట్టే పద్ధతికి వాటిలో పెట్టిన పేరు డ్యూ డిలిజెన్స్. ముందు తన వ్యాపారం వల్ల ఎవరికి ఏ హాని జరగవచ్చో వెతకాలి. దొరికినదాన్ని ఆపడానికి తగిన మనిషికి అధికారం, డబ్బు ఇవ్వాలి. ఆపగలిగారో లేదో చూసుకోవాలి. చివరికి అదంతా బయటికి చెప్పాలి.

వినడానికి ఇది ఆఫీసు భాషలా ఉంటుంది కాబట్టి విశాఖకు వర్తింపజేసి చూడండి. యజమాని కంపెనీ నుంచి ఒక ఇంజినీరు వచ్చి ఎం-6 దగ్గర నిలబడి అడగవలసిన ప్రశ్నలు నాలుగైదే. ఉష్ణోగ్రత ఎక్కడ కొలుస్తున్నారు? పైన ఎందుకు కొలవడం లేదు? టి.బి.సి. స్టోరులో ఎంత ఉంది? గోడ అవతల ఎన్ని ఇళ్లున్నాయి, సైరన్ మోగితే ఏం చెయ్యాలో వాళ్లకు ఎవరైనా చెప్పారా? పర్యావరణ అనుమతి పత్రం చూపించండి. ఈ ప్రశ్నల్లో ఏ ఒక్కదానికి నిజాయితీగా జవాబు వచ్చినా ట్యాంకును ఆ స్థితిలో వదిలేవారు కాదు. డ్యూ డిలిజెన్స్ అంటే ఇదే. రంగుల బొమ్మలతో అచ్చేసే వార్షిక నివేదిక కాదు. మన సెబీ 2022–23 నుంచి మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీల చేత బాధ్యతాయుత వ్యాపారంపై నివేదిక ఇప్పిస్తోంది. మంచిదే. కానీ అది నివేదిక ఇమ్మంటుంది, ట్యాంకు దగ్గరికి వెళ్లమనదు. పైగా లిస్టెడ్ కాని విదేశీ అనుబంధ కంపెనీ ఆ జాబితాలోకే రాదు.

రగ్గీ సూత్రాల లోటు అందరికీ తెలిసిందే, ఆయనకూ తెలుసు. అవి సూత్రాలు, చట్టం కాదు. పాటించకపోతే ఏమవుతుంది అన్న ప్రశ్నకు వాటిలో జవాబు లేదు.

ఆ జవాబు అనుకోని చోటి నుంచి వచ్చింది. జాంబియాలో చింగోలా అనే పట్టణం పక్కన న్చాంగా రాగి గని ఉంది. దాన్ని నడిపేది కొంకోలా కాపర్ మైన్స్ అనే జాంబియా కంపెనీ. 2004లో అందులో ఆధిపత్య వాటా కొన్నది వేదాంత. మన అనిల్ అగర్వాల్ గారి సంస్థే, అప్పటికి లండన్ స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదై ఉంది. గని వ్యర్థజలాలు వాగుల్లో కలిసి తమ పొలాలు, తాగునీరు పాడయ్యాయని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆరోపించారు. ముందు జాంబియా కోర్టుకే వెళ్లారు. అక్కడ 2006 నాటి కాలుష్యం మీద దాదాపు రెండువేల మంది వేసిన కేసులో కింది కోర్టు పెద్ద పరిహారమే ఇచ్చింది. పైకోర్టు తప్పు కంపెనీదేనంటూనే, వైద్య పత్రాలు చూపించగలిగిన పన్నెండు మందికే పరిహారమంది. విషపు నీళ్లు తాగిన పల్లెటూరి మనిషి ఆ వారమే డాక్టరు దగ్గరికి వెళ్లి చీటీ రాయించుకుని, దాన్ని ఏళ్లతరబడి దాచుకోవాలన్నమాట.

2015లో 1,826 మంది గ్రామస్థులు లండన్‌లో దావా వేశారు. ఇద్దరు ప్రతివాదులు: వేదాంత, కొంకోలా. మాకేం సంబంధం, మేం వాటాదారులం మాత్రమే అంది వేదాంత. కేసు జాంబియాలో నడవాలి కదా అన్నది రెండో అభ్యంతరం. 2019 ఏప్రిల్ 10న బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది, రాసింది లార్డ్ బ్రిగ్స్. అందులో రెండు సంగతులు మన పనికొస్తాయి.

మొదటిది, గ్రామస్థుల లాయర్లు వేదాంత మీద ప్రయోగించినది వేదాంత అచ్చేసుకున్న కాగితాలనే. మా అనుబంధ సంస్థలన్నిటా పర్యావరణ ప్రమాణాలు నిలబెట్టే బాధ్యత మాది, శిక్షణ ఇస్తాం, తనిఖీ చేస్తాం, పాటించేలా చూస్తాం అని ఆ కంపెనీ తన సుస్థిరత నివేదికలో గొప్పగా రాసుకుంది. అలా రాసుకున్న కంపెనీ గ్రామస్థుల పట్ల జాగ్రత్త వహించవలసిన బాధ్యతను తానే నెత్తికెత్తుకుందని వాదించడానికి ఆస్కారం ఉందని కోర్టు అంది. ఇంకో అడుగు ముందుకు వేసి, పర్యవేక్షిస్తున్నామని చెప్పుకుని నిజానికి పర్యవేక్షించకపోయినా ఆ మానేయడమే బాధ్యత కావచ్చునంది. పెట్టుబడిదారుల కోసం రాసిన వాక్యం ప్రతివాదిని నిలబెట్టే సాక్ష్యమైంది.

రెండోది, చోటు గురించి. మామూలుగా అయితే జాంబియాయే ఈ కేసుకు తగిన చోటని కోర్టు ఒప్పుకుంది. అయినా లండన్‌లోనే నడవనిచ్చింది. అక్కడి జడ్జీల మీద అపనమ్మకంతో కాదు. అంత పేదవాళ్లకు అక్కడ న్యాయ సహాయం అందదు, గెలిస్తేనే ఫీజు అన్న ఒప్పందాలు చెల్లవు, ఇంత పెద్ద కేసు మోయగల అనుభవం, స్తోమత ఉన్న లాయర్ల సంస్థలు లేవు. న్యాయం దొరకడమంటే జడ్జి ఉండటం ఒక్కటే కాదని, కేసు నడపడానికి కావలసిన ఖర్చూ మనుషులూ కూడానని బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం తీర్పులో రాసింది.

కేసు విచారణ దాకా పోలేదు. 2021 జనవరిలో, తప్పు ఒప్పుకోకుండానే, కంపెనీలు రాజీ చేసుకున్నాయి. అదే నెల నుంచి ఇంకొకటి కూడా జరిగింది. వేదాంత లండన్ కంపెనీ కాబట్టి దాని మీది కేసును లండన్ కోర్టు మరో దేశానికి నెట్టేయడానికి అప్పట్లో యూరోపియన్ యూనియన్ నియమం ఒప్పుకొనేది కాదు. బ్రెగ్జిట్‌తో ఆ నియమం పోయింది. ఇది మాకు తగిన చోటు కాదు, మీ దేశంలో చూసుకోండి అనే పాత సూత్రం ఇంగ్లండులో మళ్లీ బతికింది.

ఆ సూత్రం మనకు కొత్తది కాదు, భోపాల్‌లో దాని రుచి చూశాం. 1984 డిసెంబరు దుర్ఘటన తర్వాత బాధితులందరి తరపున దావా వేసే అధికారం చట్టం ద్వారా తీసుకున్న భారత ప్రభుత్వం న్యూయార్క్‌కు వెళ్లింది. మా కోర్టులకు ఇంత పెద్ద కేసు మోసే శక్తి లేదు, ఇక్కడే విచారించండి అని భారత ప్రభుత్వమే వాదించింది. భారత న్యాయవ్యవస్థ భేషైనదని, ఏ కేసునైనా చక్కగా మోయగలదని యూనియన్ కార్బైడ్ పక్షాన అఫిడవిట్ ఇచ్చింది నానీ పాల్కీవాలా! ప్రపంచ న్యాయచరిత్రలో ఇంతకన్నా చేదైన తిరకాసు నాకు ఇంకోటి తెలియదు. 1986 మేలో జడ్జి కీనన్ కార్బైడ్ మాటే విని కేసును భారతదేశానికి పంపారు. 1989 ఫిబ్రవరిలో 47 కోట్ల డాలర్లకు రాజీ. అది చాలదని, పెంచమని కేంద్రం వేసిన క్యూరేటివ్ పిటిషన్‌ను మన సుప్రీంకోర్టు 2023 మార్చిలో కొట్టేసింది.

ఈ రెండు కేసులనూ పక్కపక్కన పెట్టి చూస్తే జెనీవాలో జరుగుతున్న గొడవ ఏమిటో అర్థమవుతుంది. 2014 జూన్ 26న ఈక్వడార్, దక్షిణాఫ్రికా ప్రతిపాదించిన తీర్మానాన్ని మానవ హక్కుల మండలి 20–14 ఓట్లతో ఆమోదించింది. పదమూడు దేశాలు తటస్థంగా ఉన్నాయి. బహుళజాతి కంపెనీలను కట్టిపడేసే ఒక అంతర్జాతీయ ఒప్పందం రాయడానికి ప్రభుత్వాల కమిటీ వేయాలన్నది ఆ తీర్మానం. అమెరికా, జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్, జపాన్ వద్దన్నాయి. దక్షిణ కొరియా కూడా వద్దంది. భారతదేశం కావాలంది. 2015 నుంచి ఏటా ఆ కమిటీ కూర్చుంటోంది, ముసాయిదాలు ఒకదాని మీద ఒకటి వస్తున్నాయి, సంతకాలకు ఇంకా రాలేదు.

2021 నాటి మూడో సవరణ ముసాయిదాలో నాకు ముఖ్యమనిపించే అంశాలు రెండే. మొదటిది, హాని జరిగిన చోటా, కంపెనీ నివాసమున్న చోటా రెండుచోట్లా కోర్టుకు అధికారం ఉండాలి, 'మా చోటు కాదు' అని తోసిపుచ్చకూడదు. భోపాల్ పాఠమంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. రెండోది, తన అదుపులోనో పర్యవేక్షణలోనో ఉన్న మరో సంస్థ హాని చేస్తే, దాన్ని ఆపకపోయిన కంపెనీ జవాబుదారీ కావాలి, డ్యూ డిలిజెన్స్ చేశామన్న ఒక్క మాటతో తప్పించుకోలేదు. వేదాంత కేసులో లాయర్లు కంపెనీ నివేదికలు తవ్వి సంపాదించుకున్నది ఇక్కడ చట్టంగానే దొరుకుతుంది. అది ఎందుకు కావాలంటే, ఆ తీర్పులో ఒక లొసుగుంది. మంచి విధానాలు రాసుకున్న కంపెనీ దొరికిపోతుంది, ఏమీ రాసుకోనివాడు మాకేం తెలుసు అనవచ్చు. తెలివైన కంపెనీ లాయరు ఆ తీర్పు చదివాక తన కక్షిదారుకు ఇచ్చే సలహా ఏమిటో మీరే ఊహించుకోండి. చట్టం విధించిన బాధ్యత ఉంటేనే ఈ వంకర పోతుంది.

ఒప్పందం వద్దనేవాళ్ల మాటల్లో కొట్టిపారేయలేనివీ ఉన్నాయి. అన్ని హక్కులనూ అన్ని కంపెనీలనూ ఒకే ఒప్పందంలో బిగించబోతే ఏదీ బిగియదని రగ్గీ హెచ్చరించారు. పెద్ద కంపెనీలకు పుట్టిల్లయిన దేశాలు సంతకం పెట్టకపోతే కోర్టు తలుపు తెరిచేది ఎవరన్నదీ సరైన ప్రశ్నే. అందుకే చాలామంది యూరప్ చట్టాల మీద ఆశ పెట్టుకున్నారు. బంగ్లాదేశ్‌లో బట్టల కర్మాగారాలున్న రానా ప్లాజా భవనం కూలాక ఫ్రాన్స్ 2017లో తన పెద్ద కంపెనీలకు జాగరూకత విధించే చట్టం తెచ్చింది. జర్మనీ చట్టం 2023లో మొదలైంది, కానీ నష్టపోయినవాడు దాని ఆధారంగా దావా వేయడానికి వీల్లేదు. యూరోపియన్ యూనియన్ 2024లో వెయ్యిమంది ఉద్యోగులు, 45 కోట్ల యూరోల టర్నోవరు దాటిన పెద్ద కంపెనీలకు వర్తించేలా ఆదేశం ఇచ్చింది. మరుసటి సంవత్సరమే భారం తగ్గించాలంటూ సవరణలు తెచ్చారు. 2025 డిసెంబరులో కుదిరిన మాట ప్రకారం ఆ గీత ఐదువేలమంది ఉద్యోగులకు, నూటయాభై కోట్ల యూరోల టర్నోవరుకు జరిగింది. యూనియన్ అంతటికీ ఒకేలా ఉండవలసిన పరిహార దావా నిబంధన పోయింది. ఒక ఎన్నిక, ఒక మాంద్యం భయం వస్తే చాలు, ఒక దేశం తనంతట తాను ఇచ్చింది తనంతట తానే వెనక్కి తీసుకుంటుంది. యూరప్ చట్టాలు చాలు, ఒప్పందం అక్కర్లేదు అన్న వాదన నా దృష్టిలో అక్కడే వీగిపోయింది.

ఇంకో చిక్కు కూడా చెప్పాలి. ఈ చట్టాల భారాన్ని కొనుగోలుదారు కంపెనీ కాంట్రాక్టులో ఒక క్లాజుగా రాసి కిందివాడి మీదికి నెట్టేస్తుంది. పటాన్‌చెరు చుట్టూ మందుల ముడిసరుకు తయారుచేసే చిన్న కర్మాగారం యజమానిని అడగండి. వ్యర్థజలాల శుద్ధి మీద సంతకం పెట్టమంటారు, ఆ శుద్ధికయ్యే ఖర్చు ధరలో కలపనివ్వరు. ధర ఇవ్వని డ్యూ డిలిజెన్స్ వల్ల చెరువులో నీళ్లు బాగుపడవు, ఫైలు లావెక్కుతుంది.

ఇప్పుడు మన దేశం సంగతి. 2014లో అవునని ఓటేశామన్నాను. ఆ తీర్మానానికి కింద ఒక ఫుట్‌నోట్ ఉంది. కార్యకలాపాల్లో దేశాంతర స్వభావం ఉన్న వ్యాపారాలకే ఇది వర్తిస్తుంది, దేశీయ చట్టాల కింద నమోదైన స్థానిక వ్యాపారాలకు వర్తించదు అని దాని సారం. ఆ ఫుట్‌నోట్‌ను గట్టిగా పట్టుకున్న దేశాల్లో మనమూ ఒకరం. కారణం అర్థం చేసుకోలేనిది కాదు. హక్కుల పేరుతో మన చిన్న పరిశ్రమల ఎగుమతులను అడ్డుకుంటారన్న భయం ఉత్తది కాదు. కానీ ఆ ఫుట్‌నోట్‌ను అక్షరాలా చదివి చూడండి. ఎల్జీ పాలిమర్స్ ఇండియా ఏ చట్టం కింద నమోదైంది? మన కంపెనీల చట్టం కిందే. యూనియన్ కార్బైడ్ ఇండియా కూడా అంతే. కొంకోలా జాంబియా కంపెనీ. హాని చేసే చోట ప్రతి బహుళజాతి కంపెనీ స్థానిక కంపెనీగానే నమోదై ఉంటుంది. ఫుట్‌నోట్ ఉద్దేశం అది కాదని సర్దిచెప్పేవాళ్లున్నారు. ఉద్దేశాల మీద వాదోపవాదాలు ఏళ్లతరబడి నడిపే ఓపిక కంపెనీ లాయర్లకు ఉంటుంది, వెంకటాపురం వాళ్లకు ఉండదు. తర్వాతి ముసాయిదాలు అన్ని వ్యాపారాలనూ కలుపుకుని, దేశాంతర వ్యాపారాల మీద ఎక్కువ దృష్టి పెడదామన్నాయి. మన ప్రతినిధులు ఆ దారికి మనస్ఫూర్తిగా రాలేదు.

పైగా మనం ఇప్పుడు హాని పడే దేశం మాత్రమే కాదు, యజమాని కంపెనీలు పుట్టే దేశం కూడా. చింగోలా వాళ్లు లండన్ వెళ్లారు కాబట్టి సరిపోయింది. రేపు హైదరాబాదులోనో ముంబైలోనో ప్రధాన కార్యాలయం ఉన్న కంపెనీ మీద ఆఫ్రికా గ్రామస్థులు మన హైకోర్టు మెట్లెక్కితే, న్యూయార్క్‌లో కీనన్ మనకు చెప్పిన మాటే మనం వాళ్లకు చెబుతామా?

ఈ సభలో న్యాయవాదులున్నారు, న్యాయశాస్త్రం చదివే పిల్లలున్నారు. మీకు నా మనవి ఒక్కటే. జెనీవాలో మన ప్రభుత్వం ఏమంటోందో మన పార్లమెంటులో దాదాపు ఎప్పుడూ చర్చకు రాదు. మీ ఎంపీ చేత ఒక ప్రశ్న వేయించండి: ఆ ఫుట్‌నోట్‌ను భారతదేశం ఇంకా ఎందుకు సమర్థిస్తోంది, సమర్థిస్తే విశాఖ లాంటి కేసులో ప్రతివాది ఎవరవుతారు? ఆ ప్రశ్నకు లిఖితపూర్వకంగా జవాబు రావాలి.